ల్యాప్‌టాప్ స్పీకర్లలో చిటపట: స్పీకర్లు మార్చకుండానే తీరిన ఒక కేసు

ల్యాప్‌టాప్ తెచ్చినావిడ ఆడియో పాఠాలు ఎడిట్ చేస్తారు. విండోస్ 11 ఉన్న మెషిన్, కొని రెండేళ్లు దాటింది. సమస్య మామూలుగా వినిపించేదే: ఏది ప్లే చేసినా మధ్యలో ఎప్పుడో ఒకప్పుడు స్పీకర్లలోంచి 'టప్' మని ఒక శబ్దం. ఒక్కోసారి వరసగా మూడు నాలుగు టపటపలు, ఒక్కోసారి సన్నగా ఒకే ఒక్క టిక్కు. పాటలో వస్తే పట్టించుకోకపోవచ్చు గానీ, పాఠం చెప్పే గొంతు మధ్యలో వస్తే అది రికార్డింగులోనే ఉందా, స్పీకర్లోనే వస్తోందా అని ఆవిడకు రోజూ టెన్షన్. ప్రతి వాక్యం రెండుసార్లు వినాల్సి వస్తోంది. అంతకుముందే ఒక సర్వీస్ సెంటర్‌లో చూపిస్తే "స్పీకర్లు పోయాయి మేడమ్, సెట్ మార్చాలి" అన్నారట.

"మార్చేస్తే పోతుందా అండి?" అని అడిగారు. ముందు స్పీకర్లు నిజంగా పోయాయో లేదో చూద్దామన్నాను.

స్పీకర్ తప్పు కాదని ఎలా తెలిసింది

స్పీకర్ పొర చిరిగినా, లోపల స్క్రూ వదులైనా వచ్చే చప్పుడుకు ఒక పద్ధతి ఉంటుంది. అది శబ్దాన్ని అంటిపెట్టుకుని వస్తుంది. బేస్ ఎక్కువున్న చోట బర్రుమంటుంది, వాల్యూమ్ తగ్గిస్తే తగ్గుతుంది, అదే పాటను మళ్లీ పెడితే మళ్లీ అదే చోట వస్తుంది. ఈ కేసులో అలా లేదు. ఒకే ఫైల్‌ను మూడుసార్లు వింటే మూడుసార్లూ వేరే వేరే చోట్ల టప్పుమంది. వాల్యూమ్ బాగా తగ్గించినా రావడం మానలేదు.

ఇలాంటివి పట్టుకోవడానికి పాటలు పనికిరావు. తబలా దెబ్బ ఏదో, టప్పుమన్నది ఏదో చెవికి తేడా తెలియదు. అందుకని నేను ఆడాసిటీ అనే సౌండ్ ఎడిటింగ్ ప్రోగ్రాంలో 440 హెర్ట్జ్ టోన్ ఒకటి పది నిమిషాల పాటు తయారుచేసి, వేవ్ ఫైల్‌గా డిస్క్ మీదే పెట్టుకుంటాను. ఒకే స్థాయిలో, ఏ మార్పూ లేకుండా సాగే స్వరం కాబట్టి అందులో చిన్న తెంపు పడినా చెవి ఇట్టే పట్టేస్తుంది. ఫైల్ మెషిన్‌లోనే ఉంటుంది గనక నెట్ స్లోగా ఉందేమోనన్న అనుమానం కూడా ఉండదు.

ఆ టోన్ పెట్టి వైరు ఇయర్‌ఫోన్స్ గుచ్చి విన్నాం. వాటిలోనూ అవే టపటపలు. అంటే స్పీకర్లకు శబ్దం చేరేలోపే తెగిపోతోంది. స్పీకర్లు మార్చినా ఫలితం ఉండేది కాదు. ఈ పరీక్షకు బ్లూటూత్ ఇయర్‌ఫోన్స్ మాత్రం వాడకండి. రేడియో సిగ్నల్ వల్ల వచ్చే అంతరాయాలు వాటికి విడిగా ఉంటాయి, రెండూ కలిసిపోయి ఏది ఏదో తేలదు.

టోన్ నడుస్తుండగా ఆవిడకు కాగితం, పెన్ను ఇచ్చి శబ్దం వచ్చినప్పుడల్లా టైము రాయమన్నాను. వరసగా వస్తే గీతలు, ఒక్కటే వస్తే చుక్క. పది నిమిషాలయ్యాక చూస్తే గుత్తులుగా వచ్చే టపటపలు దాదాపు నిమిషానికోసారి ఉన్నాయి. ఒంటరి చుక్కలు మాత్రం వాటితో సంబంధం లేకుండా, అంతకంటే తరచుగా ఉన్నాయి. ఒకే జబ్బు అనుకున్నది బహుశా రెండు జబ్బులని అప్పుడే అనుమానం వచ్చింది.

శబ్దం ఎందుకు తెగుతుంది

విండోస్ మామూలుగా శబ్దాన్ని 10 మిల్లీసెకన్ల ముక్కలుగా తయారుచేస్తుంది. 48,000 హెర్ట్జ్ దగ్గర అయితే ఒక్కో ముక్కలో 480 శాంపిళ్లు. ఒక ముక్క వినిపిస్తున్నంతసేపట్లో తర్వాతి ముక్క తయారై బఫర్‌లో ఉండాలి. ఆ ఒక్కటి ఆలస్యమైతే తరంగం మధ్యలో ఠక్కున ఆగి, మళ్లీ ఇంకోచోట మొదలవుతుంది. మనకు టప్పుమని వినిపించేది ఆ అతుకే.

మరి ఇంత వేగమున్న ప్రాసెసర్ 480 అంకెలు తయారుచేయడానికి ఎందుకు ఆలస్యం చేస్తుంది? టాస్క్ మేనేజర్‌లో చూస్తే సీపీయూ వాడకం ఆరు శాతం కూడా లేదు. విషయమేమిటంటే, హార్డ్‌వేర్ పరికరాలు పిలిచినప్పుడు వాటిని నడిపే ప్రోగ్రాములు, అంటే డ్రైవర్లు, చేసే పని మామూలు ప్రోగ్రాముల వరసలో నిలబడదు. వైఫై కార్డు ఇంటరప్ట్ ఇస్తే, అంటే నా పని ముందు చూడమని ప్రాసెసర్‌ను పిలిస్తే, దాని డ్రైవర్ ముందు అతి చిన్న పని ఒకటి ముగించి, మిగతాది డీపీసీ అనే రెండో దశకు వాయిదా వేస్తుంది. ఆ డీపీసీ నడుస్తున్నంతసేపూ ఆ కోర్ మీద ఏ ప్రోగ్రామూ కదలదు, శబ్దం తయారుచేసేది కూడా. అదే కోర్ మీద వరసలో ఉన్న ఆడియో డ్రైవర్ డీపీసీ కూడా ఆగి ఉండాల్సిందే. మెషిన్‌లో ఎనిమిది కోర్లున్నా, ఆగిన పని ఆ కోర్ మీదే ఉంటే మిగతా ఏడింటి వల్ల ఉపయోగం లేదు.

డీపీసీ ఒక్కోటి 100 మైక్రోసెకన్లు మించకూడదని డ్రైవర్లు రాసేవాళ్లకు మైక్రోసాఫ్ట్ ఇచ్చిన మార్గదర్శకం. అది మిల్లీసెకన్‌లో పదో వంతు. ఎవరో ఒకరు ఆ హద్దు దాటి ఏడెనిమిది మిల్లీసెకన్లు కూర్చుంటే, పదిలో మిగిలిన రెండు మూడింటిలో ఆడియో తన పని పూర్తి చేసుకోలేదు.

ముందు ఆడియో డ్రైవరే

అనుమానం వేరేచోట ఉన్నా, ఆడియో డ్రైవర్‌ను చూడకుండా ముందుకు వెళ్లకూడదు. మొదట సౌండ్ సెట్టింగుల్లో `Audio Enhancements` ఆపాను. ప్రతి ముక్కకూ అదనపు లెక్కలు చేసేవి ఇవే కాబట్టి, ఆపితే ఆడియోకు కాస్త వెసులుబాటు దొరుకుతుంది. చిటపటలు కొంచెం పలచబడ్డాయి గానీ పోలేదు.

తర్వాత డివైస్ మేనేజర్‌లో ఆడియో పరికరం మీద రైట్ క్లిక్ చేసి, కంప్యూటర్‌లోనే ఉన్న డ్రైవర్ల లిస్టులోంచి `High Definition Audio Device` ఎంచుకున్నాను. ఇది విండోస్‌తో వచ్చే సాదా డ్రైవర్. దీన్ని పెట్టాక కూడా అదే టోన్‌లో అవే గుత్తులు, అవే చుక్కలు. ఆడియో డ్రైవర్ మీద అనుమానం అక్కడితో తీరింది.

ఈ మార్పిడిని పరీక్షగానే వాడాలి, మందుగా వాడకూడదు. ల్యాప్‌టాప్ తయారీదారు ఇచ్చే డ్రైవర్‌లో ఆ చిన్న స్పీకర్లకు తగినట్టు చేసిన ట్యూనింగ్ ఉంటుంది. సాదా డ్రైవర్ పెట్టగానే శబ్దం పీలగా, రేకు డబ్బాలోంచి వచ్చినట్టు మారిపోయింది. కొన్ని కొత్త మోడళ్లలో అసలు ఈ డ్రైవర్ లిస్టులో రాదు, మరికొన్నింటిలో పెడితే లోపలి మైకు పనిచేయడం మానేస్తుంది. అందుకే పరీక్ష అవగానే పాతది వెనక్కి పెట్టేశాను.

ఇంకో రకం టప్పు కూడా ఉంది, దాన్ని దీనితో కలపకండి. ఏమీ ప్లే కాకుండా కొన్ని సెకన్లు ఊరుకున్నాక, మళ్లీ మొదలుపెట్టగానే ఒకటే ఒక్క టప్పు వస్తే అది ఆడియో చిప్ నిద్రలోంచి లేచిన శబ్దం. ఆలస్యాలకూ దానికీ సంబంధం లేదు.

LatencyMon చెప్పింది, చెప్పనిది

ఇప్పుడు కొలత. ఇలాంటి ఆలస్యాలను కొలిచే LatencyMon అనే టూల్ తెరిచి ప్లే బటన్ నొక్కి, పక్కన టోన్ నడుపుతూ పది నిమిషాలు వదిలేశాం. ఛార్జర్ పెట్టి ఉంది, వైఫై ఆన్‌లో ఉంది. ఈ మెషిన్ ఆడియోకు ఇబ్బంది పడుతోందని ఎర్ర అక్షరాల్లో వచ్చింది. అది మన చెవులు ముందే చెప్పాయి. పనికొచ్చేది `Drivers` ట్యాబ్. అందులో `Highest execution` కాలమ్ మీద నొక్కితే పెద్దవి పైకి వస్తాయి. మొదట `ndis.sys`, 9.6 మిల్లీసెకన్లు. దాని కింద `ACPI.sys`, 7.1. మిగతావన్నీ ఒకటి లోపే.

చాలామంది తప్పుదారి పట్టేది ఇక్కడే. `ndis.sys` పేరు చూసి దాన్ని డౌన్‌లోడ్ చేసుకోవాలని వెతుకుతారు. అది విండోస్ సొంత ఫైల్, నెట్‌వర్క్ కార్డులన్నిటికీ ఉమ్మడి ద్వారం లాంటిది. కార్డు డ్రైవర్ చేసే పని దాని ద్వారా జరుగుతుంది కాబట్టి టైమంతా దాని ఖాతాలో పడుతుంది. అసలు ఆలస్యం చేస్తున్నది దాని వెనకున్న కార్డు డ్రైవర్. `Wdf01000.sys` పేరు పైన కనిపించినా ఇదే కథ. అదీ చాలా డ్రైవర్లు పంచుకునే చట్రమే. `ACPI.sys` కూడా విండోస్‌దే. బ్యాటరీ, ఫ్యాన్, వేడి, మూత వంటి వాటి గురించి మదర్‌బోర్డులోనే ఉండే బయోస్ అనే సాఫ్ట్‌వేర్ రాసిచ్చిన సూచనలను నడిపించడం దాని పని. ఆ సూచనలు నిదానంగా ఉంటే పేరు దీనికి వస్తుంది.

కాబట్టి ఈ జాబితా ఏ గుమ్మం దగ్గర వెతకాలో చెబుతుంది. లోపల ఎవరున్నారో తెలియాలంటే ఒక్కో పరికరాన్ని ఆపి చూడాల్సిందే.

జాబితాకే దొరకని రకం కూడా ఒకటి ఉంది. డ్రైవర్లన్నీ చిన్న అంకెలే చూపిస్తూ, `Main` ట్యాబ్‌లో మొత్తం ఆలస్యం మాత్రం ఎక్కువగా ఉంటే, బయోస్ తానే ప్రాసెసర్‌ను కాసేపు లాక్కుంటూ ఉండొచ్చు. విండోస్‌కు ఆ సమయం కనిపించదు కాబట్టి ఏ డ్రైవర్ పేరు మీదా పడదు. ఈ కేసులో అలా లేదు, అంకెలు డ్రైవర్ల దగ్గరే దొరికాయి.

పవర్ ప్లాన్ దాచిపెట్టేది

ఇంటర్నెట్‌లో ఎక్కడ వెతికినా దొరికే సలహా పవర్ ప్లాన్ మార్చమనే. దీన్నీ చూశాను. ఈ ల్యాప్‌టాప్‌లో `Balanced` తప్ప మరో ప్లాన్ కనిపించదు, ప్రాసెసర్ సెట్టింగులు కూడా తెరమీద లేవు. కమాండ్‌తో మార్చొచ్చు. అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచిన టెర్మినల్‌లో ఇవి:

```
powercfg /setacvalueindex SCHEME_CURRENT SUB_PROCESSOR PROCTHROTTLEMIN 100
powercfg /setactive SCHEME_CURRENT
```

ఛార్జర్ మీద ఉన్నప్పుడు ప్రాసెసర్ కనీస స్థాయి నూరు శాతం ఉండాలని దీని అర్థం. బ్యాటరీ మీద కూడా కావాలంటే `setacvalueindex` బదులు `setdcvalueindex` రాయాలి.

చిటపటలు సగానికి తగ్గాయి. `ndis.sys` అంకె 9.6 నుంచి 6.2కు దిగింది. అక్కడితో ఆపేసి "తగ్గింది కదా" అని ల్యాప్‌టాప్ ఇచ్చేసేవాళ్లు ఉన్నారు. కానీ నిజంగా జరిగిందేమిటంటే, ప్రాసెసర్ నిదానించకుండా పూర్తి వేగంతో ఉండటం వల్ల అదే తప్పు పని కాస్త తొందరగా అయిపోయింది. తప్పు పని అలాగే ఉంది. దానికి తోడు ఫ్యాన్ ఆగకుండా తిరగడం మొదలైంది. గొంతు రికార్డింగులు వినేవాళ్లకు ఆ హోరు ఇంకో తలనొప్పి. నా లెక్కలో పవర్ ప్లాన్ ఒక పరీక్ష మాత్రమే. దాన్ని మారిస్తే శబ్దం తగ్గిందంటే సమస్య సమయానికి సంబంధించినదే అని రూఢి అవుతుంది. అది తెలిశాక అంకెను పాత 5కు తెచ్చేశాను. వెనక్కి తేకపోతే తర్వాతి పరీక్షలన్నీ ఆ వేగంలో మరుగున పడిపోతాయి.

గుత్తులు ఎక్కడివి

ఎయిర్‌ప్లేన్ మోడ్ నొక్కి టోన్ పెట్టాం. గుత్తులు పూర్తిగా పోయాయి. ఒంటరి టిక్కులు అలాగే ఉన్నాయి. కాగితం మీద కనిపించిన రెండు జబ్బులు విడివిడిగా తేలాయి.

వైఫై అని తేలింది సరే, వైఫైలో ఏది? డేటా వచ్చిపోవడం వల్లనైతే నెట్ వాడుతున్నప్పుడే ఎక్కువ రావాలి. ఇవి ఏమీ చేయకుండా ఊరికే ఉన్నా నిమిషానికోసారి వస్తున్నాయి. కనెక్ట్ అయి ఉన్నా సరే, చుట్టుపక్కల ఏయే నెట్‌వర్కులున్నాయో కార్డు మధ్యమధ్యలో వెతుకుతూ ఉంటుంది. అనుమానం దానిమీద. వైఫై ఆన్ చేసి, కనెక్ట్ అయ్యాక ఆ వెతుకులాటను మాత్రం ఆపే కమాండ్ ఇచ్చాను:

```
netsh wlan set autoconfig enabled=no interface="Wi-Fi"
```

నెట్ పనిచేస్తూనే ఉంది, వీడియో కూడా నడిచింది, గుత్తి ఒక్కటీ రాలేదు. `yes` అని మార్చగానే నిమిషంలోపు మళ్లీ టపటప. ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. దీన్ని ఇలాగే `no`లో వదిలేయొచ్చు కదా అని అనిపిస్తుంది గానీ, కనెక్షన్ ఒకసారి పోతే దానంతట అది మళ్లీ కలవదు, కొత్త నెట్‌వర్కులు కనిపించవు. రోజువారీ వాడకానికి పనికిరాదు.

డివైస్ మేనేజర్‌లో వైఫై కార్డు డ్రైవర్ తేదీ చూస్తే, ల్యాప్‌టాప్ తయారీదారు తన సైట్‌లో ఆ మోడల్‌కు పెట్టినదానికంటే కొత్తది ఉంది. విండోస్ అప్‌డేట్ దానంతట అదే తెచ్చి పెట్టింది. చిటపటలు ఎప్పటినుంచి అని అడిగితే, ఆవిడ చెప్పిన నెలా ఆ డ్రైవర్ పడిన నెలా ఒకటే. కొత్తదైతే మంచిదనే నమ్మకం డ్రైవర్ల విషయంలో ఎప్పుడూ నిలవదు. `Roll Back Driver` బటన్ నొక్కడానికి వీల్లేకుండా బూడిదరంగులో ఉండటంతో, తయారీదారు సైట్ నుంచి పాత ప్యాకేజీ దించి, ఫోల్డర్ చూపించి ఎక్కించాను.

ఎక్కించాక షట్‌డౌన్ చేసి ఆన్ చేయడం కాదు, రీస్టార్టే చేయాలి. ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్‌లో విండోస్ మూలభాగం, డ్రైవర్లు డిస్క్ మీద భద్రమై, ఆన్ చేసినప్పుడు అదే స్థితిలో తిరిగొస్తాయి. రీస్టార్ట్‌లో అన్నీ మొదటినుంచి లోడ్ అవుతాయి.

రీస్టార్ట్ తర్వాత, వెతుకులాట మామూలుగా నడుస్తుండగానే `ndis.sys` అంకె 0.4 మిల్లీసెకన్లు. 100 మైక్రోసెకన్ల హద్దు కంటే ఇంకా ఎక్కువే, కానీ 10 మిల్లీసెకన్ల ముక్కను తెంపేంత కాదు.

ఒంటరి టిక్కులు ఎవరివి

మిగిలింది `ACPI.sys`. ల్యాప్‌టాప్‌లో ఇది పైకి వస్తే నేను ముందు చూసేది బ్యాటరీనే. ఛార్జ్ ఎంతుందని అడిగిన ప్రతిసారీ బయోస్ సూచనలు నడిచి, మదర్‌బోర్డు మీదున్న ఒక చిన్న కంట్రోలర్‌ను అడిగి జవాబు తేవాలి. ఆ కంట్రోలర్ ప్రాసెసర్‌తో పోలిస్తే చాలా నిదానం. జవాబు వచ్చేదాకా ఎదురుచూపే.

పరీక్ష తేలిక. డివైస్ మేనేజర్‌లో `Batteries` కింద `Microsoft ACPI-Compliant Control Method Battery` అని ఉంటుంది. దాన్ని డిసేబుల్ చేశాను. టిక్కులు ఆగిపోయాయి. "అయితే ఇలాగే ఉంచేయండి" అన్నారు ఆవిడ. చాలా చోట్ల ఇదే పరిష్కారమని చెబుతారు కూడా. నేను ఒప్పుకోను. అది డిసేబుల్ అయితే టాస్క్‌బార్‌లో బ్యాటరీ గుర్తు పోతుంది, ఛార్జ్ అయిపోతోందన్న హెచ్చరిక రాదు. ఎడిటింగ్ మధ్యలో మెషిన్ చెప్పాపెట్టకుండా ఆగిపోతుంది.

పైగా బ్యాటరీ సంగతి విండోస్ అంత తరచుగా అడగదు. కాగితం మీది చుక్కలు కొన్ని సెకన్లకోసారి ఉన్నాయి. అంటే ఇంకెవరో పదేపదే అడుగుతున్నారు. బ్యాటరీని మళ్లీ ఎనేబుల్ చేసి, `services.msc` తెరిచి, ల్యాప్‌టాప్‌తో పాటు వచ్చి తెరవెనక నడిచే సర్వీసులను ఒక్కొక్కటిగా ఆపుతూ టోన్ విన్నాం. తయారీదారు ఇచ్చిన కంట్రోల్ సెంటర్ తాలూకు సర్వీస్ ఆపగానే టిక్కులు నిలిచిపోయాయి. ఫ్యాన్ వేగం, వేడి, ఛార్జ్ శాతం అందమైన మీటర్లలో చూపించే ప్రోగ్రాం అది. దాని విండో మూసి ఉన్నా, వెనకాల సర్వీస్ ఆ అంకెలన్నిటినీ అడుగుతూనే ఉంది. విడిగా దించుకునే ఉష్ణోగ్రత మీటర్లు, లైట్ల రంగులు మార్చే ప్రోగ్రాములు కూడా ఈ పని చేయగలవు కాబట్టి వాటినీ ఈ జాబితాలో చూడాలి.

బయోస్ అప్‌డేట్ ఒకటి అందుబాటులో ఉంటే ఛార్జర్ పెట్టి దాన్నీ ఎక్కించాను. ఆ సర్వీస్ నడుస్తుండగా `ACPI.sys` 7.1 నుంచి 4.8కు తగ్గింది. మేలే గానీ టిక్కు అప్పుడప్పుడూ ఇంకా వినిపించింది. అందుకే కంట్రోల్ సెంటర్‌ను పూర్తిగా అన్‌ఇన్‌స్టాల్ చేశాం. తర్వాత అంకె 0.9.

చివరి పరీక్ష ఛార్జర్ మీద, ఆ తర్వాత బ్యాటరీ మీద, వైఫై ఆన్‌లో ఉంచి, ఆవిడ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ తెరిచి చేశాం. మొదట్లో ఆపిన `Audio Enhancements` కూడా మళ్లీ ఆన్ చేశాను. టోన్ మొదటినుంచి చివరిదాకా ఎక్కడా తెగలేదు, LatencyMon పచ్చగానే ఉంది. ఫోన్‌లోంచి యూఎస్‌బీ మీద పెద్ద ఫైళ్లు కాపీ చేస్తూ వింటే మాత్రం ఒక టిక్కు పడింది. దాని వెంట పడలేదు, కాపీ చేస్తూ ఎడిట్ చేసే అవసరం ఆవిడకు లేదు.

రెండు పనులు మిగిలాయి. విండోస్ అప్‌డేట్ ఆ వైఫై డ్రైవర్‌ను మళ్లీ తెచ్చే అవకాశం ఉంది కాబట్టి, ఇప్పుడున్న వెర్షన్ నంబర్‌ను రాసిచ్చి, గుత్తులు మళ్లీ మొదలైతే ముందు ఆ నంబర్ మారిందేమో చూడమన్నాను. పాత ప్యాకేజీని ఆవిడ డాక్యుమెంట్స్ ఫోల్డర్‌లోనే పెట్టాను. ఇక కంట్రోల్ సెంటర్ పోవడంతో, ఛార్జింగ్ 80 శాతం దగ్గర ఆపే సదుపాయం కూడా దానితోనే పోయింది. అదృష్టవశాత్తూ ఈ మోడల్‌లో అదే సెట్టింగ్ బయోస్‌లోనూ ఉంది, అక్కడ ఆన్ చేసి ఇచ్చేశాను.